చల్లగాలి పైనుంచే దిగితే పై వరుసలు ఎందుకు మాడలేదు?

ప్రశ్న: మా తోట వాలు నేల. పై గట్టు నుంచి కింది గట్టు దాకా 400 మీటర్ల పొడవు, సుమారు 20 మీటర్ల దిగుడు. పోయిన వారం ఒక రాత్రి కింది ఆరు వరుసల్లో పూతంతా నల్లబడింది, ఏడో వరుస నుంచి పైకి ఒక్క పువ్వూ చెడలేదు. వరుసకీ వరుసకీ 8 మీటర్ల ఎడం. కింది గట్టున మనిషెత్తు దాటిన దట్టమైన మొక్కల కంచె ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ చలి పెరగాలని చదువుకున్నాం కదా? పోనీ, చల్లగాలి కొండ మీద నుంచే దిగుతుందంటారా, అప్పుడు దారిలో ఉన్న పై వరుసలే ముందు మాడాలి కదండీ?

సమాధానం:

మీ సందేహంలో ఒక చిన్న పొరపాటు ఉంది, చాలామంది పుస్తకాలు చదివి కూడా అక్కడే తడబడతారు. చల్లదనం కొండ మీద ఎక్కడో తయారై, సరుకులాగా మోసుకొచ్చి కింద దించేది కాదు. ప్రశాంతమైన రాత్రి చల్లదనం తయారయ్యేది నేల మీద, ప్రతి చదరపు మీటరు మీదా, పైనా కిందా ఒకేలా. మీ ఏడో వరుస కింద నేల కూడా ఆ రాత్రి మొదటి వరుస కింద నేల కోల్పోయినంత వేడినే కోల్పోయి ఉంటుంది. ఏడో వరుస దగ్గర తయారైన చల్లగాలి అక్కడ నిలవలేదు. మొదటి వరుస దగ్గర తయారైనది కదల్లేదు. తేడా అంతా ఇక్కడే.

దీన్ని మొదటి నుంచి చూద్దాం. పొద్దు గూకాక నేల, ఆకు, గడ్డి, కొమ్మ అన్నీ కంటికి కనపడని పరారుణ కిరణాల రూపంలో వేడిని ఆకాశంలోకి వదులుతూ ఉంటాయి. 5 డిగ్రీల దగ్గరున్న నేల చదరపు మీటరుకు సుమారు 340 వాట్లు వదులుతుంది. ఆకాశం నుంచి కూడా కొంత తిరిగొస్తుంది, ఎందుకంటే గాలిలో ఉన్న నీటి ఆవిరీ కార్బన్ డయాక్సైడూ కిందికి కిరణాలు పంపుతాయి. మబ్బు కమ్మి ఉంటే తిరిగొచ్చేది దాదాపు వెళ్లినంతా ఉంటుంది. ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటే మాత్రం 60 నుంచి 90 వాట్ల దాకా నికరంగా నష్టం. ఇందులో కొంత లోపలి మట్టి పూడుస్తుంది, మిగిలింది నేలను తాకి ఉన్న గాలి నుంచి పోతుంది. ఒక ఘనపు మీటరు గాలి బరువు కిలోంబావు దగ్గర ఉంటుంది, దాన్ని ఒక డిగ్రీ చల్లార్చాలంటే సుమారు 1250 జౌళ్లు తీయాలి. సెకనుకు 70 జౌళ్లు పోతున్న చోట ఆ భారమంతా ఆ ఒక్క ఘనపు మీటరు మీదే పడితే ఇరవై సెకన్లు కూడా పట్టదు. నిజంలో మట్టి సాయం ఉంటుంది, పైగాలి కలుస్తుంది కాబట్టి అంత వేగంగా జరగదు. అయినా నేల పక్కనున్న పలుచని పొర ఎంత తేలిగ్గా చల్లబడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు వాలు సంగతి. చదును నేల మీద ఈ చల్లని పొర ఎక్కడిది అక్కడే పడి ఉంటుంది, ఎందుకంటే దాని పక్కనున్న గాలి కూడా అదే ఎత్తులో, అంతే చల్లగా ఉంది. వాలు మీద అలా కాదు. వాలును ఆనుకుని ఉన్న గాలికి అడ్డంగా, అదే ఎత్తులో, లోయ మీద తేలుతున్న గాలి ఉంటుంది. ఆ గాలి నేలకు దూరంగా ఉంది కాబట్టి ఇంకా చల్లబడలేదు. దానికంటే వాలు మీది గాలి మూడు డిగ్రీలు చల్లగా ఉంటే దాదాపు ఒక శాతం బరువెక్కువ. ఒక శాతం ఏపాటిది అనిపిస్తుంది, కానీ అడ్డుకునేది లేనప్పుడు అది చాలు. ఆ పొర మెల్లగా వాలు వెంట జారడం మొదలెడుతుంది. దాని మందం ఒకటి రెండు మీటర్ల నుంచి పది మీటర్ల దాకా ఉండొచ్చు. వేగం మామూలుగా సెకనుకు అర మీటరు, బాగా సాగితే ఒకటిన్నర మీటరు. మనిషి నడక వేగం అన్నమాట, చెంపకు తగిలితే గాలి వీచిందనిపించదు, ఎవరో తలుపు తీశారనిపిస్తుంది.

జారిపోయిన గాలి స్థానంలోకి ఏం వస్తుంది? ఇక్కడ మీ పై వరుసల రహస్యం ఉంది. ఖాళీ పడనివ్వకుండా లోయ మీద తేలుతున్న ఆ చల్లబడని గాలి వాలు మీదికి దిగుతుంది. దాన్ని మళ్లీ నేల చల్లారుస్తుంది, అది మళ్లీ జారుతుంది, మళ్లీ పైనుంచి కొత్త గాలి. పై వరుసల దగ్గర నేల రాత్రంతా వేడి కోల్పోతూనే ఉంటుంది, కానీ ఆ నష్టాన్ని ఒక పెద్ద గాలి నిల్వ భరిస్తోంది. ఏ ఒక్క గాలి ముద్దా అక్కడ పావుగంట కంటే ఎక్కువ సేపు ఉండదు. లెక్క చూడండి, సెకనుకు అర మీటరు చొప్పున మీ 400 మీటర్ల వాలు దాటడానికి పదమూడు నిమిషాలు. పోతూ పోతూ పైనున్న వెచ్చని గాలితో కాస్త కలుస్తూ పోతుంది కూడా.

కింద ఈ ఏర్పాటు లేదు. అక్కడికి చేరిన గాలికి పోయే దారి లేక నిలిచిపోతుంది. దాని మీదికి మరో చల్లని పొర వచ్చి పరుచుకుంటుంది. బరువైంది కింద, తేలికైంది పైన. ఇంతకంటే నిలకడైన అమరిక గాలికి లేదు. పైనున్న వెచ్చదనం కిందికి దిగి కలవాలంటే ఏదో ఒకటి చిలకాలి, చిలికే గాలి లేదు. కాబట్టి మొదటి వరుస దగ్గర నేల రాత్రి పది పదకొండు గంటలపాటు అదే గాలిని పదే పదే చల్లారుస్తూ కూర్చుంటుంది. పైన నష్టాన్ని పంచుకునేవాళ్లు ఎందరో, కింద మోసేవాడు ఒక్కడే.

అందుకే 'చల్లగాలి నీళ్లలాగా పారి లోయలో నిండుతుంది' అన్న పోలిక నాకు సగమే నచ్చుతుంది. పారడం నిజం, నిండడం నిజం. కానీ నీళ్లు చెరువులో చేరాక మరింత నీళ్లుగా మారవు, గాలి మాత్రం మడుగులో చేరాక కూడా చల్లబడుతూనే ఉంటుంది. చాలాచోట్ల పారుదల సాయంత్రం మొదటి రెండు మూడు గంటల్లోనే జోరుగా ఉండి, తర్వాత మందగిస్తుంది. అసలు చలి అంతా ఆ తర్వాతే, నిలిచిన చోటనే ముదురుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. దిగే గాలి నొక్కుకుని వేడెక్కుతుంది, 100 మీటర్లు దిగితే దాదాపు ఒక డిగ్రీ. మీ 20 మీటర్ల వాలుకు అది 0.2 డిగ్రీ, లెక్కలోకి రాదు. అదే 500 మీటర్ల కొండ వాలైతే దారిలోనే ఐదు డిగ్రీలు పెరగడానికి సిద్ధపడాలి. అలా దిగుతున్న గాలి ఒకచోట తన చుట్టూ ఉన్న గాలితో సమానమైపోతుంది, ఇక అడుగుకు వెళ్లదు, మడుగు మీదుగా పక్కకు పరుచుకుంటుంది. కొండ శిఖరం మీద పుట్టిన చలి నేరుగా లోయ అడుగున పడుతుందనుకోవడం అందుకే తప్పు.

దారి పూర్తిగా మూసుకుపోతే ఏమవుతుందో చూపించే చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. అమెరికాలో యూటా రాష్ట్రంలో పీటర్ సింక్స్ అని ఒక సున్నపురాతి గుంట. సముద్ర మట్టానికి 2500 మీటర్ల దగ్గర ఉంటుంది, చుట్టూ అంచులే తప్ప గాలికి దారి లేదు. 1985 ఫిబ్రవరి 1న అక్కడ −56.3 డిగ్రీలు నమోదైంది. ఆస్ట్రియాలో గ్రూన్‌లోఖ్ అనే ఇలాంటి గుంటలో 1928–1942 మధ్య కొలతల్లో −52.6 దాకా పడింది, అది 1300 మీటర్ల ఎత్తు కూడా లేని చోటు. ఇలాంటి గుంటల్లో చెట్ల వరస తలకిందులుగా ఉంటుంది. మామూలు కొండకు కింద చెట్లు, పైన గడ్డి. ఇక్కడ అంచు మీద చెట్లు, దిగేకొద్దీ గిడసబారిన పొదలు, అడుగున ఉత్త గడ్డి. థర్మామీటరు లేకుండానే చలి ఎక్కడిదాకా నిలుస్తుందో ఆ చెట్ల గీత చెబుతుంది. మీ ఏడో వరుస కూడా అలాంటి గీతే.

'ఎత్తుకు పోతే చల్లన' అన్న పాఠం తప్పు కాదు, అది గాలి బాగా కలిసి ఉన్న వేళకు వర్తిస్తుంది. మధ్యాహ్నం మీ పై గట్టు దగ్గర కింది గట్టు కంటే 0.2 డిగ్రీ తక్కువే ఉంటుంది. తేటగా ఉన్న రాత్రి మాత్రం నేల నుంచి కొంత ఎత్తు దాకా ఆ వరస తిరగబడుతుంది, దాన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఆ విలోమం పై అంచు దాటితే మళ్లీ పాత పాఠమే, ఎక్కేకొద్దీ చలి. కాబట్టి పెద్ద కొండ వాలు మీద అన్నిటికంటే వెచ్చనైన చోటు శిఖరం కాదు, అడుగూ కాదు, మధ్యలో ఒక పట్టీ. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో పండ్ల తోటల వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలోనే దీన్ని గుర్తించి ఆ పట్టీలోనే చెట్లు పెట్టారు. మీ తోట మొత్తం 20 మీటర్లే కాబట్టి మీకు పై పరిమితి తగలదు. పైకి పోయేకొద్దీ మేలే.

ఇక ఆ రాత్రి సంగతి, మీ కంచె సంగతి.

మీరు ఇచ్చిన కొలతలు చూడగానే నాకు మొదట తట్టింది కంచే. 400 మీటర్లకు 20 మీటర్ల దిగుడు అంటే ఇరవైకి ఒకటి. కంచె మనిషెత్తు దాటిందన్నారు, రెండున్నర మీటర్లు అనుకుందాం. దట్టమైన ఆకుల కంచె చల్లగాలికి ఆనకట్ట. దాని వెనక గాలి కంచె తల దాకా నిండితేగాని పొర్లదు. రెండున్నర మీటర్ల లోతున్న మడుగు, ఇరవైకి ఒకటి వాలు మీద, వెనక్కి ఎంత దూరం వ్యాపిస్తుంది? 2.5ను 20తో గుణిస్తే 50 మీటర్లు. మీ ఆరు వరుసలు 8 మీటర్ల ఎడంతో 48 మీటర్లు. ఇది కాకతాళీయం అనుకోను. గాలి మడుగుకు నీటి మడుగులా పదునైన అంచు ఉండదు, కాబట్టి లెక్క ఇంత ముచ్చటగా కుదరడంలో అదృష్టం కూడా కొంత ఉంది. కానీ కంచె లేకపోతే నష్టం ఇంత ఖచ్చితంగా ఒక వరుస దగ్గర ఆగేది కాదు, మెల్లగా తగ్గుతూ పైకి పోయేది.

ఇలాంటి తోట ఒకటి నేను రెండు సీజన్లు కొలిచాను. దిగుడు మీకంటే ఎక్కువ, 40 మీటర్లు, కింద కంచె ఇంచుమించు మీదే. వాలు వెంట ఏడు థర్మామీటర్లు పెట్టాం. ఒక తేట రాత్రి లెక్క చెబుతాను. పొద్దు గూకేటప్పుడు అన్నీ 13, 14 డిగ్రీల మధ్య ఉన్నాయి. గంటన్నరలో కిందిది 7కు దిగింది, మధ్యవి 10 దగ్గర ఉన్నాయి. ఆ సమయంలో అగరొత్తి వెలిగించి పట్టుకుంటే పొగ వాలు వెంట చక్కగా కిందికి సాగింది. రాత్రి పది దాటాక కంచె దగ్గర పొగ ఎటూ పోవడం మానేసింది, తల ఎత్తు దాకా లేచి అక్కడే పలుచని చాపలా పరుచుకుంది. వాలు పైన మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. తెల్లవారుజామున ఐదింటికి కింద −2, మధ్యన 3, పై గట్టున 3.5. గమనించండి, సాయంత్రం గంటన్నరలోనే సగం తేడా వచ్చేసింది, మిగిలింది తెల్లవార్లూ మెల్లగా పెరిగింది. పూత మీదున్న చాలా పండ్ల చెట్లకు −2 దగ్గర నష్టం మొదలవుతుంది. కింద మాడి, పైన ఏమీ కాకపోవడానికి ఈ ఐదు డిగ్రీలు ఎంత నిర్ణాయకమో చూడండి.

మరుసటి సీజన్‌కు ఆ కంచెలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట ఏడెనిమిది మీటర్ల వెడల్పున రెండు దారులు కొట్టించాం, మిగతా చోట్ల అడుగు కొమ్మలను మోకాలెత్తు దాకా తీసేశాం. అలాంటి రాత్రుల్లోనే కిందికీ మధ్యకూ తేడా ఐదు డిగ్రీల నుంచి మూడుకు తగ్గింది. అద్భుతం ఏమీ కాదు. కంచె అవతల కూడా నేల ఇంకొంత వాలుగానే ఉండబట్టి ఆ మాత్రం దక్కింది. దారి తీస్తే గాలి ఎక్కడికో పోవాలి కదా. కంచె అవతల చదును నేలో, మరో గట్టో ఉంటే మడుగు మీ చేలోంచి అవతలి చేలోకి కాస్త పెద్దదవుతుంది అంతే, మీ వైపు పెద్దగా దిగదు. అవతల వేరేవాళ్ల తోట ఉంటే దారి కొట్టే ముందు వాళ్లతో మాట్లాడండి, మీ చలి వాళ్ల పూత మీదికి పోతుంది.

పై గట్టు వైపు కూడా ఒకసారి చూడండి. మీ తోటకు పైన బోడి నేల, గడ్డి మైదానం ఎంత విశాలంగా ఉంటే అంత చల్లగాలి మీ వాలు మీదికి దిగుతుంది. అక్కడ తయారైనది మీ చేలోంచి వెళ్లాలి. పై గట్టున ఏటవాలుగా, గాలిని తోట పక్కకు మళ్లించేలా కంచె పెడితే ఉపయోగం. అంటే మీ దగ్గర కంచె ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. దాన్ని పెరికి పారేయమని చెప్పను, పగటి గాలికి, పశువులకు అది అడ్డమేమో నాకేం తెలుసు. అడుగు తెరిస్తే చాలు, ఎందుకంటే అన్నిటికంటే బరువైన, చల్లనైన గాలి నేలను అంటుకునే ఉంటుంది.

ఏదైనా కొట్టే ముందు కొలవండి. ఇక్కడ నేనూ మొదట బోల్తా పడ్డాను. మొదటి నాలుగు రాత్రులు థర్మామీటర్లను కర్రలకు కట్టి ఊరికే ఆకాశానికి వదిలేశాను. థర్మామీటరు కూడా ఒక వస్తువే, అదీ ఆకాశంలోకి వేడి వదులుతుంది. నిశ్చలమైన రాత్రి అది గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. పైగా కాస్త గాలి ఆడే వాలు మీద ఈ తప్పు తక్కువ, గాలి ఆడని అడుగున ఎక్కువ. అంటే నేను కొలిచిన తేడాలో కొంత నా థర్మామీటర్లు పుట్టించినదే! ఆ నాలుగు రాత్రుల కాగితాలు చించేశాను. పైన తెల్లని పళ్లెం లాంటి మూత ఉండాలి, పక్కల నుంచి గాలి ఆడాలి, అన్నీ ఒకే ఎత్తున, మీటరుంబావు దగ్గర ఉండాలి. పెట్టే ముందు అన్నిటినీ నీళ్లూ మంచుముక్కలూ కలిపిన గిన్నెలో కలుపుతూ ఉంచండి, సున్నా చూపించాలి. ఏది ఎంత తప్పు చూపిస్తే అంత దాని మీద రాసుకోండి. మీకు నాలుగు చాలు. ఒకటి కంచెను ఆనుకుని, ఒకటి ఆరో వరుసలో, ఒకటి తొమ్మిదో వరుసలో, ఒకటి కంచె అవతల పది మీటర్ల దూరంలో. తెల్లవారుజామున మొదటి రెండూ దాదాపు ఒకటిగా ఉండి, అవతలిది రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటే కంచే దోషి. అవతలిది కూడా అంతే చల్లగా ఉంటే మడుగు మీ కంచెది కాదు, మొత్తం లోయది, కంచె కొట్టినా ఫలితం ఉండదు.

థర్మామీటరు 1 చూపిస్తుండగానే గడ్డి మీద తెల్లటి పొర కనిపిస్తే కంగారు పడకండి. గడ్డి చివళ్లు మీటరెత్తున ఉన్న గాలి కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉండటం మామూలే. అలాగే ఆ పొర లేకపోతే ప్రమాదం లేదనీ అనుకోకండి. గాలిలో తేమ ఉంటే ముందు మంచు బిందువులు పడతాయి, నీటి ఆవిరి నీరుగా మారేటప్పుడు కిలోకు 25 లక్షల జౌళ్ల వేడి వదులుతుంది, దాంతో ఉష్ణోగ్రత జారుడు మందగిస్తుంది. గాలి బాగా పొడిగా ఉంటే ఈ అడ్డుకట్ట ఉండదు. తెల్లటి పొర ఏదీ లేకుండానే పువ్వు లోపల గడ్డకట్టి, పొద్దెక్కాక నల్లబడుతుంది. సాయంత్రం వాతావరణ సూచనలో కనిష్ఠ ఉష్ణోగ్రత కంటే ముందు తుషార స్థానం, అంటే గాలిలో తేమ బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, చూడమని నేను చెప్పేది అందుకే. అది సున్నాకు బాగా కింద ఉందంటే ఆ రాత్రి నిద్ర లేనట్టే.

పొగ పెట్టమని చాలామంది చెబుతారు. పొగ రేణువులు కంటికి అడ్డం వస్తాయి గానీ పరారుణ కిరణాలకు పెద్దగా అడ్డం కావు, కాబట్టి మబ్బు చేసే పని పొగ చేయదు. ఊపిరితిత్తులు పాడు, పూతకు లాభం లేదు. ఒక పెద్ద మంట కూడా తప్పే, దాని వేడి గాలి విలోమాన్ని చీల్చుకుని పైకి పోతుంది, దాని స్థానంలోకి చుట్టూ ఉన్న చల్లగాలి లోపలికి వస్తుంది. చిన్న చిన్నవి చాలా ఉంటే వేడి చెట్ల ఎత్తులోనే ఆగుతుంది. పదిమీటర్ల స్తంభం మీద తిరిగే పెద్ద గాలిపంకాలు పనిచేస్తాయి, కానీ అవి వేడి పుట్టించవు, పైనున్న వెచ్చని పొరను కిందికి కలుపుతాయి అంతే. పైన వెచ్చదనం ఉంటేనే కలపడానికి ఏమైనా ఉంటుంది. మీ తోటలో అది ఉంది, ఏడో వరుసే అందుకు రుజువు. ఆరు వరుసల కోసం అంత ఖర్చు అవసరమా అన్నది మీరే తేల్చుకోవాలి. నేనైతే ముందు కంచె అడుగు తెరిచి ఒక సీజన్ చూస్తాను.

పైన చెప్పిందంతా ఏ రాత్రికి వర్తించదో కూడా తెలిసి ఉండాలి. ఎక్కడో దూరం నుంచి చలిగాలులు ఊళ్లకు ఊళ్లనే ఊపేస్తూ వీచే రాత్రి ఈ మడుగులు కట్టవు. సెకనుకు మూడు నాలుగు మీటర్ల గాలి నిలకడగా వీస్తే లోతు లేని మడుగును చెరిపేస్తుంది. అప్పుడు మీ పాత పాఠమే నిజం, ఎత్తు మీదున్నవాళ్లకే చలి ఎక్కువ, గాలి తగిలే పై వరుసలే ముందు చెడతాయి. ఆ రాత్రి మీ కంచె మీకు మిత్రుడు. ఏది ఏ రాత్రో సాయంత్రమే తెలుస్తుంది. చీకటి పడిన గంటకు కంచె దగ్గరికి, తర్వాత పై గట్టుకు నడిచి వెళ్లి రండి. రెండు చోట్లా ఒకేలా గాలి కొడుతుంటే మడుగు రాత్రి కాదు. పైకి ఎక్కుతుంటే ముఖానికి వెచ్చదనం తగిలి, దిగుతుంటే మోకాళ్ల దగ్గర ముందు చల్లబడితే మడుగు అప్పటికే నిండుతోంది. ఒక్కోసారి అర్ధరాత్రి దాటాక మబ్బు పట్టి కిందిది ఉన్నట్టుండి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది, గాలి లేచినా అంతే. పరికరం చెడిందనుకుని మార్చేయకండి, మూత తీసిన ఆకాశానికి ఎవరో దుప్పటి కప్పారంతే.

తెల్లవారాక కూడా తొందరపడి చూడటానికి పోకండి. ఎండ ముందు వాలు పైభాగాన్ని వేడి చేస్తుంది, అడుగున మడుగు చెదరడానికి గంట నుంచి మూడు గంటలు పడుతుంది, లోయ లోతును బట్టి. రోజులో అతి తక్కువ ఉష్ణోగ్రత కూడా సూర్యోదయం అయిన కాసేపటికే నమోదవుతుంది. నాలుగు థర్మామీటర్లూ కనీసం రెండు తేట రాత్రులు, ఒక మబ్బు రాత్రి చదివి, అంకెలు ఇక్కడ పెట్టండి. కంచె ఎత్తు టేపుతో కొలిచి అది కూడా రాయండి, నేను రెండున్నర అని ఊహించాను. రెండే అయితే మడుగు ఐదో వరుస దగ్గర ఆగాలి, అప్పుడు ఆరో వరుసకు వేరే కారణం వెతకాలి.